తమ్ముడు ఆసుపత్రిలో ఉంటే అక్కకి ఏ పుస్తకం ఇవ్వాలి?

పిల్లల్లో వచ్చే రక్త క్యాన్సర్‌కి వైద్యం మొత్తం పూర్తి కావడానికి రెండు నుంచి మూడేళ్లు పడుతుంది. మొదటి నెల దాదాపు ఆసుపత్రిలోనే గడుస్తుంది. ఆ తర్వాత ఎప్పుడు జ్వరం వస్తుందో, ఎప్పుడు మళ్లీ మంచం ఎక్కాల్సి వస్తుందో ఎవరూ చెప్పలేరు. జిల్లాల్లో ఉండే కుటుంబమైతే అమ్మ పిల్లాడితో హైదరాబాద్‌లో ఉండిపోతుంది, నాన్న ఉద్యోగానికీ ఆసుపత్రికీ మధ్య బస్సుల్లో తిరుగుతుంటాడు. పదేళ్ల అక్కని అమ్మమ్మ ఇంట్లో దింపుతారు. పొద్దున అమ్మ ఫోన్ చేస్తే మాటలన్నీ తమ్ముడి ప్లేట్‌లెట్ల చుట్టూ తిరుగుతాయి. ఎదురింటావిడ, వ్యాన్ డ్రైవర్, క్లాస్ టీచర్, ఎవరు కనబడినా ‘తమ్ముడికి ఎలా ఉందమ్మా?’ అనే అడుగుతారు. ఆ పిల్లకి ఎలా ఉందో అడిగేవాళ్లు ఉండరు. అది ఎవరి తప్పూ కాదు. పిల్లకీ ఆ సంగతి తెలుసు, అందుకే నోరు విప్పదు.

నేను బడిలో లైబ్రరీ చూసుకుంటాను. ఇలాంటి పిల్లల కోసం పుస్తకం అడుగుతూ పిన్నిలో, మేనత్తలో, ఒక్కోసారి తోటి టీచర్లో వస్తుంటారు. వాళ్లు అడిగేది సాధారణంగా జబ్బు గురించిన పుస్తకం. జబ్బు ఏమిటో, వైద్యం ఎలా చేస్తారో చెప్పే పుస్తకాలకి వాటి ఉపయోగం వాటికుంది. కానీ ఆ పిల్ల ఇంట్లో ఇప్పటికే అంతా జబ్బే. ఆమెకి ఇవ్వాల్సిన కథలో జబ్బు పడింది ఎవరైనా సరే, కథ చెప్పేది మాత్రం పక్కనున్న బిడ్డే అయి ఉండాలి.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. ‘సడాకో, వెయ్యి కాగితపు కొంగలు’ కథ మన పుస్తక ప్రదర్శనల్లో పిల్లలకి విరివిగా కొనిపెట్టే పుస్తకం. హిరోషిమా బాంబు ప్రభావంతో రక్త క్యాన్సర్ వచ్చిన సడాకో 1955లో పన్నెండేళ్లకే కన్నుమూసింది. నిజంగా గొప్ప కథ, యుద్ధం గురించి పిల్లలతో మాట్లాడటానికి అంతకంటే మంచి దారి లేదు. కానీ తమ్ముడికి అదే జబ్బు ఉన్న పిల్ల చేతిలో పెడితే ఆమెకి మిగిలేది ఒకే ముక్క: ఈ జబ్బొస్తే చనిపోతారు. నిజానికి ఆ రోజులు వేరు. ఈ రకం క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో, సమయానికి పూర్తి వైద్యం అందితే, ఎక్కువమంది ఇవాళ కోలుకుంటున్నారు. ‘లిటిల్ ఉమెన్’లో బెత్ మరణం, స్వీడన్ రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ రాసిన ‘ద బ్రదర్స్ లయన్‌హార్ట్’ కూడా ఇంతే. అవి ఎంత మంచివైనా ఈ రెండు మూడేళ్లు పై అరలోనే ఉండనివ్వాలి.

ఏ పుస్తకమైనా ఇచ్చేముందు ఒక పని మాత్రం మనుషులే చేయాలి. ఆ వయసు పిల్లకి మూడు సంగతులు నోటితో చెప్పాలి. ఈ జబ్బు నీ వల్ల రాలేదు. అది నీకు అంటుకోదు. అమ్మ అక్కడున్నన్ని రోజులూ నీకు అన్నం పెట్టేదీ, జడ వేసేదీ, బడికి పంపేదీ ఫలానా మనిషి. మొదటిది పెద్దవాళ్లకి చెప్పనక్కర్లేని సంగతిలా అనిపిస్తుంది. కానీ పదేళ్ల పిల్ల తమ్ముణ్ణి ఎప్పుడో తోసేసిన రోజునీ, ‘నువ్వు పుట్టకపోయినా బాగుండేది’ అన్న రోజునీ వెతుక్కుని ఈ జబ్బుకి ముడివేసుకుంటుంది. ఆ ముడి విప్పకుండా పుస్తకం ఇస్తే, చదివినదంతా దానికే వచ్చి చేరుతుంది.

ఇక పుస్తకం. ఒక్కటే చెప్పమంటే నేను ‘స్కెల్లిగ్’ అంటాను. ఇంగ్లండ్ ఉత్తర ప్రాంతానికి చెందిన డేవిడ్ ఆల్మండ్ 1998లో రాశాడు, ఆ ఏడాదే పిల్లల సాహిత్యానికి అక్కడిచ్చే కార్నెగీ పతకం వచ్చింది. ఆల్మండ్ చిన్నతనంలోనే ఆయన చెల్లెలు పసిబిడ్డగా చనిపోయింది. ఈ పుస్తకంలో ఇల్లు కనిపించే తీరు చూస్తే, అలాంటి ఇంట్లో నిలబడి చూసినవాడే రాశాడని తెలిసిపోతుంది.

కథ చెప్పే మైఖేల్‌కి పదేళ్లు. కొత్తింట్లోకి మారిన మర్నాడు, కూలిపోయేలా ఉన్న గ్యారేజీలోకి తొంగిచూస్తే, దుమ్మూ చచ్చిన ఈగల మధ్య గోడకి ఆనుకుని ఒక మనిషి కనబడతాడు. నీరసించిపోయి ఉంటాడు, కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. అతనికి కావలసింది చైనీస్ హోటల్ మెనూలోని 27, 53 నంబర్ల వంటకాలు, ఆస్పిరిన్, కాస్త బీరు. కోటు కింద భుజాల దగ్గర ఏదో ఎత్తుగా తగులుతుంది. అవతల ఇంట్లో నెలలు నిండకముందే పుట్టిన చెల్లెలు. ఇంకా పేరు కూడా పెట్టలేదు. ఆమె గుండెకి బాగాలేదు. అమ్మ పాపతో ఆసుపత్రిలోనే ఉండాల్సి వస్తుంది, నాన్న ఇల్లు బాగుచేసుకుంటూ ఆసుపత్రికి పరుగెడుతుంటాడు. ఇంటికొచ్చే డాక్టర్‌కి మైఖేల్ తన మనసులో పెట్టుకున్న పేరు ‘డాక్టర్ డెత్’. బడిలో ఫుట్‌బాల్ స్నేహితులున్నా, వాళ్లతో ఈ సంగతులేవీ మాట్లాడలేడు.

అమ్మానాన్నలు మైఖేల్‌ని ప్రేమించడం మానేశారని ఈ పుస్తకం ఎక్కడా అనదు. వాళ్లు దొరకట్లేదు, అంతే. ఆ తేడా పట్టుకోవడం చాలా కష్టం, కొంతమంది రచయితలు అక్కడే అమ్మానాన్నల్ని దోషుల్ని చేసేస్తారు. అలాంటి కథ చదివిన పిల్లకి అమ్మ మీద కోపం, ఆ కోపం వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం, రెండూ ఒకేసారి మొదలవుతాయి. ఆల్మండ్ అలా చేయడు.

ఇంకో సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. చెల్లెలి కోసం మైఖేల్ చేయగలిగింది ఏమీ లేదు. ఆ చేతకానితనంలో గ్యారేజీలోని మనిషి దొరుకుతాడు. అతనికి తిండి తెచ్చివ్వొచ్చు, మందు తెచ్చివ్వొచ్చు, పక్క వీధిలోని మీనాతో కలిసి రాత్రిపూట సురక్షితమైన చోటికి చేర్చవచ్చు. ఆసుపత్రికి వెళ్లినప్పుడు కీళ్ల నొప్పులకి ఏం చేయాలో అడిగి తెలుసుకుంటాడు. ఇది పెద్దవాళ్లకి తెలియని పని, పూర్తిగా వాడిది. నిర్లక్ష్యమైపోయానని అనుకునే పిల్లకి ‘పాపం నువ్వు’ అనే ఓదార్పు కథ కంటే ఇలా చేతిలో పని పెట్టే కథ ఎక్కువ బలమిస్తుంది.

ఖమ్మంలో అమ్మమ్మ దగ్గర ఉంటూ మా బడిలో అయిదో తరగతి చదివిన ఒక అమ్మాయితో ఈ పుస్తకం చదివాను. ఆరేళ్ల తమ్ముడు హైదరాబాద్‌లో వైద్యంలో ఉన్నాడు. తనకి తెలుగు బాగా వచ్చు, ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతుంది. ‘స్కెల్లిగ్’ని తెలుగు పుస్తకంగా ఇవ్వలేను కాబట్టి మధ్యాహ్నం అన్నం తిన్నాక రోజుకి ఒకటి రెండు అధ్యాయాలు నేను ఇంగ్లీషులో చదివి, అక్కడికక్కడే తెలుగులో చెప్పేదాన్ని. అధ్యాయాలు చాలా చిన్నవి. ఇంగ్లీషు వచ్చిన పిన్నో బాబాయో ఉంటే ఇంట్లో కూడా ఇలాగే చేయొచ్చు. చైనీస్ వంటకాలూ వాటి నంబర్లూ చెప్పినప్పుడు తను పకపకా నవ్వింది. బీరు దగ్గర మాత్రం ‘తాగుతాడా టీచర్?’ అని కళ్లు పెద్దవి చేసింది. ‘ముసలాడు కదమ్మా, నొప్పులు’ అని ముందుకెళ్లిపోయాను.

చెల్లెలికి బాగాలేదన్న మాట రాగానే చేయి పెట్టి పేజీ ఆపేసింది. ‘ఆ పాప బతుకుతుందా?’ అంది. కథ ముగింపు ముందే చెప్పేస్తే రుచి పోతుందని మనందరికీ అలవాటైన భయం. ఇలాంటి పిల్లల విషయంలో ఆ భయం పక్కన పెట్టాలని నా నమ్మకం. ‘బతుకుతుంది. గుండె ఆపరేషన్ అవుతుంది, ఇంటికొస్తుంది, చివర్లో పేరు కూడా పెడతారు’ అని చెప్పేశాను. అప్పుడుగానీ వినడానికి సర్దుకుని కూర్చోలేదు. మధ్యలో దాచిపెట్టిన ప్రతి పేజీ ఆమెకి ఆసుపత్రి నుంచి రావాల్సిన ఫోన్ లాంటిదే. ఇంట్లో అలా ఎదురుచూసి అలసిపోయిన పిల్లని కథలో కూడా ఎదురుచూడమనడం అన్యాయం.

ఈ పుస్తకంలో మైఖేల్ తన గుండె పక్కనే చెల్లెలి గుండె కూడా కొట్టుకుంటున్నట్టు వింటుంటాడు. తను ధ్యాస పెట్టినంతసేపూ ఆమె బతికే ఉంటుందని వాడి లెక్క. ఒకరోజు ఆ చప్పుడు తెలియకుండా పోతుంది, వాడు కుప్పకూలిపోతాడు. ఆ భాగం చదివాక ఆ అమ్మాయి కాసేపు పుస్తకం అట్ట గోకుతూ కూర్చుని, ‘నేను కింద ఆడుకుంటుంటేనే తమ్ముడికి జ్వరమొచ్చిందని ఫోనొచ్చింది. అందుకే ఇప్పుడు ఆడట్లేదు’ అంది. సాయంత్రాలు పిల్ల గడప దాటట్లేదని అమ్మమ్మ ఎప్పుడో చెప్పింది. బుద్ధిమంతురాలైందని మేమంతా అనుకున్నాం.

‘అట్లా అనుకోకూడదు తల్లీ’ అనడం తేలిక. అది విన్న పిల్ల ఇంకెప్పుడూ చెప్పదు. నేను మైఖేల్ గురించే అడిగాను. ‘వాడికి చప్పుడు వినబడలేదు కదా, మరి అక్కడ పాప గుండె ఆగిందా?’ పేజీ వెనక్కి తిప్పి చూసింది. ‘ఆగలేదు. డాక్టర్లు చూసుకుంటున్నారుగా’ అంది. ఆ రోజుకి అంతే. పిన్నితో ఈ సంగతి చెప్పనా అని అడిగి, సరేనన్నాకే చెప్పాను. ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్ చేసి తమ్ముడి సంగతి ఎత్తకముందు కూతురితోనే మాట్లాడింది. కీమో మందులు జబ్బు కణాలతో పాటు మంచి తెల్ల రక్తకణాలని కూడా తగ్గించేస్తాయనీ, అవి తగ్గితే చిన్న సూక్ష్మజీవికి కూడా జ్వరమొస్తుందనీ, అందుకే జ్వరమనగానే ఆసుపత్రికి తీసుకెళ్తారనీ, దానికీ ఆటకీ సంబంధం లేదనీ వివరంగా చెప్పింది. పుస్తకం చేసింది ఆ మాట బయటికి తేవడం వరకే. దాన్ని సరిచేయాల్సింది అమ్మే, చేసింది.

చదివేటప్పుడు ‘నీకు కూడా ఇలాగే అనిపిస్తోందా?’ అని అడగకపోవడమే మంచిది. అడిగితే లేదు అంటుంది, కథ మీద ఇష్టం కూడా పోతుంది. మైఖేల్ గురించీ మీనా గురించీ ఎంతసేపైనా మాట్లాడవచ్చు. గుడ్లగూబలూ చీకటీ ఉన్న ఈ కథ కొందరు పిల్లలకి కాస్త భయం పుట్టించవచ్చు కూడా. పుస్తకం ఎక్కడో దాచేస్తున్నా, ఎప్పుడూ లేని విధంగా పక్కన ఎవరైనా ఉంటేనే నిద్రపోతున్నా, ఏమీ అనకుండా ఆపేసి వేరేది తీయాలి. పూర్తిచేయాలనే నియమం ఏమీ లేదు.

ఇంకొంచెం పెద్దపిల్లలకి, అంటే పదకొండు పన్నెండేళ్లకి, జోర్డన్ సోనెన్‌బ్లిక్ అనే అమెరికన్ టీచర్ రాసిన ‘డ్రమ్స్, గర్ల్స్ అండ్ డేంజరస్ పై’ సరిగ్గా సరిపోతుంది. ఆయన తరగతిలో ఒకమ్మాయి తమ్ముడికి క్యాన్సర్ వస్తే, ఆమెకివ్వడానికి తగిన పుస్తకం దొరక్క తానే రాశాడు. 2004లో వచ్చింది. ఎనిమిదో తరగతి స్టీవెన్ పొద్దున్నే తమ్ముడికి ఓట్స్ జావ కాస్తుంటే వాడు స్టూలు మీంచి పడతాడు, ముక్కులోంచి రక్తం ఆగదు. అలా జబ్బు బయటపడుతుంది. చాలాకాలం స్టీవెన్ ఆ పడిపోవడం తన తప్పే అనుకుంటాడు. అమ్మ ఉద్యోగం మానేస్తుంది, నాన్న బిల్లులు చూసుకుంటూ మౌనంగా మారిపోతాడు. స్టీవెన్ నెలల తరబడి ఒక్క హోంవర్కూ ఇవ్వడు. బడినుంచి ఉత్తరం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ గమనించరు. ఇంత బాధలోనూ పుస్తకం నవ్విస్తూనే ఉంటుంది, నాకు అదే ఎంతో నచ్చుతుంది. తమ్ముడు బతుకుతాడు. కానీ ఆసుపత్రిలో పరిచయమైన మరో అమ్మాయి చనిపోతుంది, ఆ సంగతి పెద్దవాళ్లు ముందే చదివి తెలుసుకుని ఇవ్వాలి.

ఆర్. జె. పలాసియో ‘వండర్’ మన దగ్గర సినిమాగా కూడా చాలామందికి తెలుసు. అది ముఖంలో లోపంతో పుట్టి ఎన్నో ఆపరేషన్లు చేయించుకున్న ఆగీ కథ అనే అనుకుంటాం. అందులో రెండో భాగం వాడి అక్క వియా చెబుతుంది. పుస్తకమంతా కాకపోయినా ఆ ఒక్క భాగం చదివి వినిపించవచ్చు. తమ్ముణ్ణి ప్రాణంగా చూసుకునే అక్కే, కొత్త బడిలో తమ్ముడి సంగతి ఎవరికీ తెలియకపోతే బాగుండునని కూడా అనుకుంటుంది. రెండూ ఒకే పిల్ల మనసులో ఉండటం ఆమెకి కథలో కనబడితే చాలు.

తెలుగులో నేరుగా చదువుకోవాలంటే టెట్సుకో కురొయనాగి ‘టొటోచాన్’కి తెలుగు రూపమైన ‘రైలుబడి’ ఉంది. మొదటి బడి వద్దని పంపేసిన చిన్న పిల్ల కొత్త బడికి వెళ్తుంది. అక్కడ హెడ్మాస్టరు తలుపు వేసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పు అంటాడు. నాలుగు గంటలు వింటాడు, ఒక్కసారి కూడా ఆవలించడు. ఇంట్లో అయిదు నిమిషాలు కూడా ఎవరూ పూర్తిగా వినని పిల్లకి ఈ అధ్యాయం ఇవ్వగలిగింది మరేదీ ఇవ్వలేదు. అయితే టొటోచాన్ చెట్టెక్కించిన పోలియో స్నేహితుడు యాసుయాకి చివరి అధ్యాయాల్లో చనిపోతాడు. అందుకే పుస్తకం మొత్తం చేతికివ్వకుండా మొదటి సగం కలిసి చదివి, అక్కడ ఆపుకోవచ్చు.

కొన్ని వారాలు అసలు జబ్బు ఊసే లేని పుస్తకం కావాలి. అప్పుడు ‘బుడుగు’ తీయండి. ముళ్లపూడి రాతా బాపు గీతా మనకుండగా నవ్వుకోసం వేరే దేశం వెళ్లక్కర్లేదు. ఇంట్లో అందరిమీదా పెత్తనం చేసే ఆ పిల్లాడు, ఎవరికీ కనబడకుండా తిరుగుతున్న పిల్లకి మహా ఇష్టుడవుతాడు. ఫోన్‌లోనే చూడాల్సి వస్తే ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా ఉన్నాయి, రాత్రి అమ్మ ఆసుపత్రి నుంచి, పిల్ల ఇంటినుంచి ఒకే కథని తెరిచి పది నిమిషాలు చదువుకోవచ్చు. ఆ పది నిమిషాల్లో ప్లేట్‌లెట్ల మాట రాకూడదు.

పుస్తకం మొదటి పేజీలో ఆ పిల్ల పేరు రాసి ఇవ్వండి. జబ్బు ఉన్న ఇంట్లో కొత్తగా వచ్చే బొమ్మా, ట్యాబూ, చాక్లెట్లూ అన్నీ పడకమీది బిడ్డకే వెళ్తాయి. ‘తమ్ముడికి కూడా ఇవ్వమ్మా’ అనకండి. ఇవ్వాలనుకుంటే తనే ఇస్తుంది.

చివరగా ఒక హద్దు. పైన చెప్పిన ‘స్కెల్లిగ్’, తమ్ముడు కోలుకునే కథలు, కోలుకునే ఆశ ఉన్న ఇళ్లకే. డాక్టర్లు ఇక కష్టమని చెప్పినప్పుడు అవి అబద్ధపు హామీలవుతాయి. ‘పాప బతికింది కదా, తమ్ముడూ బతుకుతాడు’ అని పిల్ల పట్టుకుంటుంది. అప్పుడు చదవడం ఆపి, అమ్మో నాన్నో పక్కన కూర్చుని నిజం చెప్పాలి. వైద్యం జరుగుతున్న చోట కౌన్సెలర్ ఉంటే అక్కకి కూడా సమయం ఇమ్మని అడగొచ్చు. ఎవరూ లేకపోతే, లేదా పిల్ల వారాల తరబడి తిండి, నిద్ర మానేస్తే, ఏ కారణమూ దొరకని కడుపునొప్పితో బడి మానేస్తే, పిల్లల డాక్టర్‌కి చూపించాలి. ప్రభుత్వం నడిపే టెలీ మానస్ 14416 నంబర్‌కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడవచ్చు.